కీ తప్పా, చట్టం మారిందా: అభ్యంతరం ఎలా రాయాలి?

ప్రశ్న: మేడమ్, ఈమధ్య రాసిన ఉద్యోగ పరీక్షలో "వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం జిల్లా కమిషన్ ఎంత విలువ వరకు ఫిర్యాదులు విచారించగలదు?" అని అడిగారు. ఆప్షన్లు 20 లక్షలు, 50 లక్షలు, కోటి, 2 కోట్లు. నేను 50 లక్షలు పెట్టాను. ప్రాథమిక కీలో కోటి అని ఉంది. మా కోచింగ్ పుస్తకంలో కూడా కోటే ఉంది, ఫ్రెండ్స్ వదిలేయమంటున్నారు. అభ్యంతరాలకు ఇంకా రెండు రోజులే టైముంది. పెట్టమంటారా? కోర్టుకు వెళ్తే నిలబడుతుందా?

జవాబు: పెట్టండి, రెండో రోజు దాకా ఆగకుండా ఇవాళే పెట్టండి. మీ జవాబు సరైనదేనని నా అభిప్రాయం. కాకపోతే "కీ తప్పు, నాది రైటు" అని ఒక్క ముక్క రాసి పంపితే అది పక్కకు పోతుంది, ఎందుకంటే కీ తయారు చేసినాయన గాల్లోంచి తీసి కోటి అని పెట్టలేదు. ఆయన దగ్గరా చట్టం ఉంది. ముందు అది అర్థం చేసుకోండి.

1986 నాటి పాత చట్టంలో జిల్లా ఫోరం పరిమితి చివరికి 20 లక్షల దగ్గర ఆగింది. 2019 చట్టం వచ్చి, 2020 జులై 20న అమల్లోకి వచ్చాక, సెక్షన్ 34 దాన్ని కోటి చేసింది. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు వాక్యం కూడా ఉంది: అవసరమనుకుంటే కేంద్ర ప్రభుత్వం వేరే మొత్తాన్ని నిర్ణయించవచ్చు అని. ఆ అధికారం వాడి కేంద్రం 2021 డిసెంబరు 30న కొత్త నిబంధనలు తెచ్చి జిల్లా కమిషన్ పరిమితిని 50 లక్షలకు తగ్గించింది. 50 లక్షలు దాటి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. అంటే మీ నాలుగు ఆప్షన్లలో మూడు ఒక్కో కాలంలో సరైన జవాబులే, నాలుగోది ఇప్పుడు రాష్ట్ర కమిషన్ గరిష్ఠ పరిమితి. ప్రశ్న తయారు చేసినాయనకు విషయం బాగానే తెలుసు, తేదీ దగ్గరే జారాడు.

ఎలా జారాడో కూడా చెప్తాను. నిబంధనలు వచ్చినా చట్టం పాఠంలో సెక్షన్ 34 అలాగే ఉంటుంది. ఇవాళ మీరు `indiacode.nic.in`లో చట్టం తెరిచి చూసినా అక్కడ కోటి అనే కనిపిస్తుంది. నిబంధనలు వేరే చోట ఉంటాయి. చట్టం ఒక్కటే చూసి పుస్తకం వేసినవాడు కోటి అని వేస్తాడు, ఆ పుస్తకం చూసి కీ ఇచ్చినవాడు కోటి అని ఇస్తాడు. ఇందులో నేను ఎవర్నీ పెద్దగా తప్పు పట్టను. 2022 జనవరిలో 60 లక్షల పైచిలుకు ఫ్లాట్ కేసు ఒకటి జిల్లా కమిషన్‌కు తయారు చేసి, ఫైలింగ్ కౌంటర్ దాకా తీసుకెళ్లి, "మేడమ్, ఇది ఇక్కడ కాదు ఇప్పుడు" అనిపించుకుని తిరిగొచ్చినదాన్ని నేను.

ఇక మీ కేసులో అసలు పీటముడి ప్రశ్నలోని "2019 చట్టం ప్రకారం" అనే మాట. పరీక్ష బోర్డు దాన్నే పట్టుకుంటుంది: మేము చట్టం అడిగాం, నిబంధనలు అడగలేదు కదా అంటుంది. దీనికి మీ జవాబు రెండు మాటల్లో ఉండాలి. ఒకటి, చట్టం ఇచ్చిన అధికారంతో చేసిన నిబంధనలు చట్టంలో భాగంగానే అమలవుతాయి, పైగా వేరే మొత్తం నిర్ణయించవచ్చన్న మాట సెక్షన్ 34లోనే ఉంది కాబట్టి 50 లక్షలు అన్నది కూడా "చట్టం ప్రకారమే". రెండు, ప్రశ్నలో ఉన్న క్రియ "విచారించగలదు". 70 లక్షలు చెల్లించి కొన్న ఫ్లాట్ గురించి ఇవాళ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తే తీసుకోరు. తీసుకోలేని కేసును "విచారించగలదు" అని ఎలా అంటారు? (ఇక్కడ లెక్క మీరు చెల్లించిన ధర మీద, అడిగే నష్టపరిహారం మీద కాదు. పాత చట్టంలో రెండూ కలిపేవారు. అభ్యంతరంలో మాత్రం ఈ సంగతి ఎత్తకండి, అనవసరంగా దారి తప్పుతుంది.)

అదే ప్రశ్న "సెక్షన్ 34(1)లో పేర్కొన్న మొత్తం ఎంత?" అని ఉంటే మీకు అభ్యంతరం పెట్టమని చెప్పేదాన్ని కాదు. అప్పుడు కోటే జవాబు. అందుకే ప్రశ్నను మీ జ్ఞాపకం నుంచి కాకుండా, మీ రెస్పాన్స్ షీట్ నుంచి అక్షరం పొల్లుపోకుండా, ఇంగ్లిష్, తెలుగు రెండు పాఠాలూ కాపీ చేయండి. రెంటికీ తేడా ఉంటే ఏది చెల్లుతుందో నోటిఫికేషన్‌లో ఉందేమో చూడండి. చాలా నోటిఫికేషన్లలో ఇంగ్లిష్‌దే ప్రామాణికం అని ఉంటుంది.

అభ్యంతరం ఇలా రాయండి, దాదాపు ఈ మాటల్లోనే: "ప్రశ్న నంబరు ఫలానా. ప్రాథమిక కీలో జవాబు కోటి రూపాయలు. ఈ జవాబు 2020 జులై 20 నుంచి 2021 డిసెంబరు 29 వరకు అమల్లో ఉన్న పరిమితి. సెక్షన్ 34(1) మినహాయింపు కింద 2021 డిసెంబరు 30న వెలువడిన నిబంధనల ప్రకారం నోటిఫికేషన్ తేదీ నాటికీ, పరీక్ష తేదీ నాటికీ అమల్లో ఉన్న పరిమితి 50 లక్షలు. గెజెట్ ప్రతి జతచేశాను. కాబట్టి తుది కీలో 50 లక్షలుగా సవరించగలరు. చట్టం మూల పాఠంలో ఇప్పటికీ కోటి అని కనిపిస్తున్నందున ప్రశ్న రెండు రకాలుగా అర్థమవుతుందని నిపుణులు భావిస్తే, ప్రత్యామ్నాయంగా ఈ ప్రశ్నను తొలగించగలరు."

ఇందులో మీరు ఒప్పుకుంటున్న సంగతి ఒకటుంది చూడండి: కోటి అన్నది ఒకప్పుడు సరైనదే అని. చాలామంది ఇది రాయడానికి భయపడతారు, బలహీనపడిపోతామని. నా అనుభవంలో దానికి పూర్తి వ్యతిరేకంగా జరుగుతుంది. నిపుణుల కమిటీలో కూర్చున్నాయన పుస్తకంలో కోటి అని చూసి "ఇతనికి తెలియదు" అని పక్కన పెట్టకుండా ఆ ఒప్పుకోలే ఆపుతుంది. ఏ జవాబు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు సరైనదో రాస్తే, ఆయన పని పుస్తకాలు పోల్చడం నుంచి తేదీలు చూడటానికి మారిపోతుంది. తేదీల్లో మీరే గెలుస్తారు. జత చేయాల్సింది గెజెట్ ప్రతి, సెక్షన్ 34 ఉన్న పేజీ, అంతే. కోచింగ్ మెటీరియల్, యూట్యూబ్ స్క్రీన్‌షాట్లు, వికీపీడియా పెట్టకండి. పెట్టిన ప్రతి బలహీనమైన ఆధారమూ బలమైనదాన్ని కిందికి లాగుతుంది.

నోటిఫికేషన్ తేదీ, పరీక్ష తేదీ అని రెండూ రాయమన్నది ఎందుకంటే, ఏ తేదీ నాటి వాస్తవం తీసుకోవాలో మీ నోటిఫికేషన్‌లో రాసి ఉండకపోవచ్చు. మీకు రెండూ 2021 డిసెంబరు తర్వాతే కాబట్టి గొడవ లేదు. కానీ ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు నోటిఫికేషన్, తర్వాత పరీక్ష ఉన్నవాళ్ల సంగతి ఆలోచించండి. హత్యకు శిక్ష ఏ సెక్షన్ అంటే ఐపీసీలో 302, భారతీయ న్యాయ సంహితలో 103. సిలబస్‌లో ఐపీసీ అని ఉంటే 302 రాసినవాడిని తప్పు పట్టలేం. కొత్త చట్టం 2023 డిసెంబరులోనే ఆమోదం పొందింది కదా అని కొందరు వాదిస్తారు, అది చెల్లదు, చూడాల్సింది అమల్లోకి వచ్చిన తేదీ.

ఇప్పుడు కోర్టు సంగతి. మీకు పనికొచ్చే మొదటి తీర్పు 1983 నాటి కాన్పూర్ యూనివర్సిటీ వర్సెస్ సమీర్ గుప్తా. కీ సరైనదనే కోర్టు మొదట అనుకుంటుంది, అది తప్పని స్పష్టంగా, పెద్ద తర్కం అవసరం లేకుండా చూపించగలిగితేనే జోక్యం చేసుకుంటుంది. విద్యార్థులు చదివే ప్రామాణిక పుస్తకాలు ఒకటి చెబుతుంటే కీ ఇంకోటి చెప్పడం అన్యాయం అని కూడా అందులోనే అన్నారు, అనుమానం ఉన్న ప్రశ్నను తీసేయాలనీ అన్నారు. 2017 డిసెంబరులో రణ్ విజయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరింత గట్టిగా చెప్పింది: అనుమానం మిగిలితే దాని లాభం పరీక్ష పెట్టినవాళ్లకే, అభ్యర్థికి కాదు.

మీ కేసుకు బాగా దగ్గరగా వచ్చేది మాత్రం 2024 నీట్. ఫిజిక్స్‌లో ఒక ప్రశ్నలో "ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉంటాయి" అనే అర్థంలో ఒక వాక్యం ఇచ్చి ఒప్పా తప్పా అని అడిగారు. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో "ప్రతి మూలకం" అని ఉంది, కొత్త ముద్రణలో దాన్ని "చాలా మూలకాల" అని మార్చారు. రేడియోధార్మిక మూలకాలు స్థిరంగా ఉండవు కదా. పాత పుస్తకం చదివినవాళ్లు నష్టపోకూడదని నీట్ నిర్వహించే ఎన్‌టీఏ రెండు ఆప్షన్లకూ మార్కులిచ్చింది. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులు ముగ్గురిని అడిగింది, వాళ్లు ఆ వాక్యం తప్పు అని చెప్పే నాలుగో ఆప్షన్ ఒక్కటే సరైనదన్నారు. తాజా ఎన్‌సీఈఆర్‌టీనే అనుసరించాలని ముందే చెప్పి, ఇప్పుడు పాతదానికి మార్కులేమిటన్నది కోర్టు అడిగిన ప్రశ్న. నాలుగు లక్షల మందికి పైగా ఐదేసి మార్కులు పోయాయి, 720కి 720 వచ్చినవాళ్లు 61 నుంచి 17కు తగ్గారు. (1983 తీర్పు రాసింది వై.వి. చంద్రచూడ్, 2024లో బెంచ్‌పై ఉన్నది ఆయన కొడుకు డి.వై. చంద్రచూడ్. చట్టానికి దీంతో పనిలేదు, నాకు సరదాగా అనిపించి చెప్పాను.)

అందుకే మీ ప్రత్యామ్నాయ కోరికలో "రెండింటికీ మార్కులివ్వండి" అని పెట్టలేదు. ఒకదానికొకటి పొసగని రెండు జవాబులకు మార్కులు అడిగితే పై కోర్టులో నిలబడటం కష్టం. తొలగిస్తే అందరికీ ఒకేలా ఉంటుంది, మీకు ఇప్పుడున్న తేడా పోతుంది.

తుది కీలో కూడా కోటి అనే ఉంచేస్తే ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్ వేయొచ్చు. అవకాశం ఉంది, కానీ "చట్టం ప్రకారం" అన్న మాట వల్ల నేనైతే గ్యారంటీ ఇవ్వను. గెజెట్ ఒక్కటే చూపిస్తే చాలు, తర్కం అక్కర్లేదు అన్న స్థాయిలో మీరు వాదన నిలబెట్టగలగాలి. ఫలితాలు, నియామక పత్రాలు వచ్చేదాకా ఆగితే ఎంపికైనవాళ్లను కూడా పార్టీలుగా చేర్చాల్సి వస్తుంది, అప్పుడు ఏ జడ్జికైనా చేయి వెనక్కి పోతుంది. గడువులో అభ్యంతరమే పెట్టని వాళ్ల రిట్‌కు మొదటి ప్రశ్న అదే ఎదురవుతుంది.

అభ్యంతరం ఫీజు కట్టిన రసీదు, సబ్మిట్ చేశాక వచ్చే అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, అప్‌లోడ్ చేసిన పీడీఎఫ్, మూడూ అదే రోజు మీ మెయిల్‌కు పంపుకోండి. గడువు ముగిశాక ఆ లింకు తెరుచుకోదు.