అడ్వాన్సు తిరిగి అడిగే ఉత్తరం

ప్రశ్న: “ఏప్రిల్ 30న ఖాళీ చేశాం. తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చాం. అడ్వాన్సు 60,000. చివరి కరెంటు బిల్లు 1,140 బాకీ. రెండు నెలలుగా ఓనరు రేపు మాపు అంటున్నారు. అగ్రిమెంటు ఫొటో పెట్టాను, ఉత్తరం ఎలా రాయాలి?”

జాప్యానికి సందు మీ 9వ షరతులోనే ఉంది: “ఇల్లు అప్పగించిన 30 రోజుల్లో” అడ్వాన్సు ఇవ్వాలని రాసుకున్నారు గాని, యజమానికి అప్పగించినట్టు మీ దగ్గర కాగితం లేదు.

1. చాలామంది వదిలేసేది ఇదే కనుక, ఉత్తరాన్ని దీనితోనే మొదలుపెట్టండి: “ఏప్రిల్ 30న ఇల్లు ఖాళీ చేసి, తాళాలు మీ వాచ్‌మన్‌కు అప్పగించాను.” ఇదే వాక్యాన్ని ఈరోజే ఓనరుకు వాట్సాప్‌లో కూడా పంపి, ఆయన ఇచ్చే జవాబును భద్రపరచండి, తాళాలు అందాయని ఆయన ఒప్పుకుంటే గడువు ఎప్పుడు మొదలైందన్న వివాదం ఉండదు.

2. 9వ షరతును ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి. సంతకాల పేజీ ఫొటో మసకగా ఉంది, మళ్లీ తీయండి.

3. కోతలు మీరే చూపండి: 11వ షరతు ప్రకారం రంగులకు 8,000, కరెంటుకు 1,140 పోగా రావలసింది 50,860 రూపాయలు. అంతకు మించి తగ్గిస్తే బిల్లులు జతచేయమని కోరండి.

4. చెల్లింపుకు 15 రోజుల గడువు, మీ బ్యాంకు ఖాతా వివరాలు రాసి, అగ్రిమెంటులోని చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి, రసీదును, ఉత్తరం నకలును దాచుకోండి.