ఫిబొనాచ్చి గీసేటప్పుడు ఏ స్వింగ్ నుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఒకే షేరు, ఒకే డైలీ చార్ట్. నేను గీస్తే 61.8 లెవెల్ ఒకచోట వస్తోంది, మా ఫ్రెండ్ గీస్తే ఇంకోచోట. ఎవరిది కరెక్ట్? స్వింగ్ పాయింట్లు ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ఇద్దరిదీ కరెక్టే అయ్యుండొచ్చు. 61.8 శాతం అంటే ఏ ర్యాలీలో 61.8 శాతమో ముందు తేలాలి.

కూకట్‌పల్లిలో మేం కొంతమందిమి ఆదివారాలు కలిసి చార్టులు చూస్తాం. అక్కడ తరచూ వచ్చే వాదన ఇదే. ఇలాంటి చార్ట్ ఒకటి ఊహించుకోండి. పాత టాప్ 455. అక్కణ్నుంచి షేరు 400కి పడింది. మళ్లీ 448 దాకా లేచి 430కి దిగింది. ఈసారి 455ను దాటి 500 తాకి వెనక్కి తిరిగింది.

నెలల తరబడి ఉంచుకునేవాళ్లు 400 నుంచి 500కి గీస్తారు. వాళ్లకు 61.8 లెవెల్ 438.20 దగ్గర వస్తుంది. నాలాగా కొద్దిరోజులకే కొనేవాళ్లు 430 నుంచి గీస్తే అది 456.74. నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: పాత టాప్‌ను దాటించిన మూవ్ ఏ బాటమ్‌లో మొదలైంది? ఇక్కడ 430లో. అందుకే నాకు అదే ముఖ్యం. పైగా 400–500లో 38.2 లెవెల్ 461.80, పాత టాప్ 455. మూడూ దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి 455–462 మధ్య జోన్‌ను నేను గట్టిగా గమనిస్తాను.

430 కింద క్లోజ్ అయితే నా గీత చెల్లదు, తీసేస్తాను. కానీ పెద్ద గీత అప్పుడు గీద్దాంలే అనుకోకండి. 430 తెగేసరికే దాని 438.20 దాటిపోయి ఉంటుంది, మిగిలేది 421.40 దగ్గరున్న 78.6 మాత్రమే. రెండూ మొదటినుంచే చార్ట్ మీద ఉండాలి, వేరే రంగుల్లో.

500 నిజంగా టాప్ అయిందా అన్నదీ చూడాలి. దానికి అటు రెండు, ఇటు రెండు క్యాండిల్స్ హై తక్కువగా ఉండేదాకా నేను ఆగుతాను. అలా ఆగకుండా తొందరపడి గీసేశాక షేరు 510కి వెళ్తే, 456.74 కాస్తా 460.56 అవుతుంది. విక్ తీసుకోవాలా, క్లోజ్ తీసుకోవాలా అన్నది మీ ఇష్టం. రెండు చివరలకూ ఒకటే పద్ధతి ఉంటే చాలు.

అన్నిటికంటే ప్రమాదం, ధర ఎక్కడో ఆగాక లెవెల్ సరిగ్గా అక్కడికే వచ్చేలా బాటమ్‌ను జరపడం. అలా జరిపితే ఏ చార్ట్‌లోనైనా ఫిబొనాచ్చి పనిచేసినట్టే కనిపిస్తుంది. గీసిన రోజే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, జరిపారో లేదో అదే చెప్తుంది.

ఇద్దరూ అవే పాయింట్లు పెట్టినా తేడా వస్తుంటే ఫిబ్ సెట్టింగ్స్ చూడండి. కొన్ని ప్లాట్‌ఫామ్‌లలో లాగ్ స్కేల్ ప్రకారం లెవెల్స్ లెక్కించే ఆప్షన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే పై 438.20 దాదాపు 435.60 దగ్గరకు దిగుతుంది.