'సెడ్' తరవాతి క్రియను తెలుగులో అని చూడండి

"రొయ్యల చెరువుల కార్యాలయంలో ఇంగ్లీషులో నివేదికలు రాస్తాను. రైతులు చెప్పిన మాట రాసేటప్పుడు 'సెడ్' తరవాతి క్రియ కాలం తరచూ తప్పుతోంది. రాశాక సరిచూసుకునే పద్ధతి ఏదైనా ఉందా?"

భీమవరంలో రొయ్యల మేత వ్యాపారి దగ్గర నేను కొన్నేళ్లు ఇలాంటి ఉత్తరాలే రాశాను. ఈ తప్పుకు మూలం మన భాష అలవాటే. తెలుగులో 'అని'కి ముందు ఉన్న క్రియ, మనిషి అన్నప్పుడు ఏ కాలంలో ఉందో ఆ కాలంలోనే ఉండిపోతుంది. "మోటారు పనిచేయడం లేదని నిన్న చెప్పాడు" అంటాం. ఇంగ్లీషులో 'సెడ్' భూతకాలం కాబట్టి లోపలి క్రియ కూడా ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది.

ఆ తేడానే పరీక్షగా వాడుకోండి. 'సెడ్' తరవాత వచ్చే ప్రతి క్రియను విడివిడిగా 'అని' చేర్చి తెలుగులో చెప్పుకోండి. 'ఉంది అని' అయితే అక్కడ 'వాజ్' ఉండాలి. 'వచ్చింది అని' అయితే 'హాడ్ కమ్', 'వస్తాడు అని' అయితే 'వుడ్ కమ్'.

ఒక సోమవారం రాత్రి ఒక రైతు ఫోను చేసి మూడు మాటలు చెప్పారు: ఏరేటర్ ఆగిపోయింది, నీటిలో ఆక్సిజన్ తగ్గుతోంది, రేపు మెకానిక్ వస్తాడు. నేను రాసింది ఇది: "ది ఫార్మర్ సెడ్ దట్ ది ఏరేటర్ హాడ్ స్టాప్డ్, ది ఆక్సిజన్ వాజ్ ఫాలింగ్ అండ్ ది మెకానిక్ విల్ కమ్ టుమారో." మొదటి రెండు క్రియలు సరిగానే ఉన్నాయి. మూడోది 'సెడ్'కు దూరమైపోయి, నా చెవికి కొత్త వాక్యంలా వినిపించింది. ఆ ఉత్తరాన్ని గురువారం చదివినవారు మెకానిక్ శుక్రవారం వస్తాడని అనుకున్నారు. అక్కడ "వుడ్ కమ్ ది నెక్స్ట్ డే" అని ఉండాలి. అప్పటి నుంచి పొడవైన వాక్యాల్లో నేను చివరి క్రియనే ముందు చూస్తాను. జారిపోయేది ఎక్కువగా అదే.

చదివేటప్పుడు ఇదే చిక్కు తిరగబడుతుంది. "హి సెడ్ హి వాజ్ ఇల్" అన్నది చూసి 'అంతకుముందు జబ్బుగా ఉండేదట' అని మనవాళ్లు అర్థం చేసుకుంటారు. ఆయన అన్నది మాత్రం "ఒంట్లో బాగాలేదు" అనే. ముందెప్పుడో ఉన్న జబ్బైతే సాధారణంగా 'హాడ్ బీన్ ఇల్' అని రాస్తారు.

అన్నిచోట్లా వెనక్కి జరపనక్కరలేదు. చెప్పిన విషయం మీరు రాస్తున్న సమయానికీ నిజమే అయితే వర్తమానం ఉంచవచ్చు: "హి సెడ్ దట్ ది పాండ్ ఈజ్ నియర్ ది కెనాల్." చెరువు ఇంకా కాలువ పక్కనే ఉంది కదా. కానీ ఆక్సిజన్ గంటగంటకూ మారుతుంది. ఉత్తరం చదివేసరికి ఎంత ఉందో మీకు తెలియదు. అలాంటి చోట 'వాజ్' రాస్తే అది రైతు ఫోను చేసినప్పటి మాట అని చదివేవారికి తెలుస్తుంది. 'కుడ్', 'మైట్', 'షుడ్' మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాయండి.