మరిచిపోయిన మాటను తెలుగులో వెతకలేరు, ఇంగ్లీషు వైపు నుంచి రండి

ప్రశ్న: ఆరేడు వందల పేజీల అనువాదం పూర్తయింది. ఒకే పదానికి అక్కడొకటి ఇక్కడొకటి రాశానేమోనని అనుమానం. మళ్లీ మొత్తం చదవకుండా పట్టుకునే దారి ఉందా? సాఫ్ట్‌వేర్‌లో ఉండే కన్సిస్టెన్సీ చెక్ సరిపోదా?

సరిపోదు. నేను సరిపోతుందనుకుని పరువు పోగొట్టుకున్నవాణ్ణే. అదీ మా చిన్నాయన ముందర.

మాది అనంతపురం. బిందు సేద్యం మీద 620 పేజీల శిక్షణ పుస్తకం ఒకటి ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చేశాను. ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో ఒక భాగాన్ని ఇంకొకాయన చేశాడు. పూర్తయ్యాక, అనువాదాల్లో తప్పులు పట్టే Xbench అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి చెక్ నడిపాను. ఒకే మూలానికి వేర్వేరు అనువాదాలున్నాయంటూ నలభై చిల్లర చూపించింది. అన్నీ పట్టికల తలలు, బొమ్మల కింద మాటలే. ఒకచోట ‘గమనిక’, ఇంకోచోట ‘సూచన’, అంతే. అరగంటలో సరిచేసి, హాయిగా టీ తాగి, ప్రూఫు ప్రింటు తీయించి నార్పల దగ్గరున్న చిన్నాయనకు ఇచ్చాను. ఆయనకు చీనీ తోట ఉంది, పదేళ్లుగా డ్రిప్పుతోనే బతుకు. అలాంటి మనిషి చదివితే మాటలు నప్పాయో లేదో తెలుస్తుందని నా ఆశ.

మూడో రోజు ఫోను. “ఏమ్రా, ఈ పార్శ్వ గొట్టం యాడ దొరుకుతాది? మన అంగట్లో లేటరల్ పైపులే అమ్ముతారే!” నేను నీళ్లు నమిలాను. “నలభయ్యో పేజీలో లేటరల్ పైపంటివి, నూటా పదిలో పక్క పైపంటివి, మూడొందల్లో పార్శ్వ గొట్టమంటివి. ఇవి మూడు పైపులా, ఒగటేనా?” ఒకటే. డ్రిప్పర్లు ఉండే సన్న పైపు. మెయిన్ పైపు నుంచి చీలే సబ్‌మెయిన్ నుంచి మొక్కల వరస వెంబడి పోతుంది.

మరి Xbench ఎందుకు పట్టుకోలేదు? అది పోల్చేది వాక్యంతో వాక్యాన్ని. ఇంగ్లీషు వాక్యం అక్షరం తేడా లేకుండా రెండుసార్లు వచ్చి, తెలుగు రెండు రకాలుగా ఉంటేనే ఆ చెక్‌లో పడుతుంది. యంత్రాల మాన్యువల్‌లో ఒకే వాక్యం యాభైసార్లు వస్తుంది కాబట్టి అక్కడ అది బంగారం. మామూలు వచనంలో ఒక వాక్యం రెండోసారి రావడమే అరుదు. ‘లేటరల్’ అనే మాట నూటికి పైగా వేర్వేరు వాక్యాల్లో ఉంటే, ఆ చెక్ దృష్టిలో అవన్నీ ఒకదానికొకటి సంబంధం లేనివి. పదకోశం ఇచ్చి పదాల చెక్ పెట్టుకోవచ్చు, ఆ సంగతికి వస్తాను. అందులో వేరే తలనొప్పి ఉంది.

ఆ రోజు ఫోను పెట్టేసి నేను చేసిన మొదటి పని తెలివితక్కువ పని. ‘పక్క పైపు’ను ఒక్క దెబ్బతో ‘లేటరల్ పైపు’గా మార్చేశాను, రీప్లేస్ ఆల్. మర్నాడు చూస్తే ఒకచోట ఇలా తయారైంది: “గట్టుకు ఆ లేటరల్ పైపు పగిలి ఉంటే...” అసలు నేను రాసింది “గట్టుకు ఆ పక్క పైపు పగిలి ఉంటే” అని! అక్కడ పక్క అంటే దిక్కు. పైపు మెయిన్ పైపు. మొత్తం వెనక్కి తిప్పుకున్నాను. రీప్లేస్ ఆల్ బటన్ కనిపెట్టినవాణ్ణి మా ఊరి డీటీపీ వాళ్లు దేవుడంటారు, నేను మాత్రం అనను. పొద్దున ఒకటి మార్చమంటే సాయంత్రానికి పుస్తకమంతా మార్చి, “అయిపాయె సార్” అంటారు.

తర్వాత తీరిగ్గా కూర్చుంటే తెలిసొచ్చింది. తెలుగు వైపు వెతికితే నాకు గుర్తున్న మాటలే దొరుకుతాయి. డిసెంబరులో రాసిన నేను వేరు, మేలో రాసిన నేను వేరు. మధ్య భాగం రాసిన ఆయన ఇంకా వేరు. ఏ మాట వాడామో మరిచిపోయాం కనకే కదా ఈ గొడవ. మారకుండా నిలబడేది ఇంగ్లీషు మాటే. కాబట్టి మూలంలో lateral ఉన్న ప్రతి వాక్యాన్నీ దాని తెలుగుతో పాటు వరసగా బయటికి లాగాలి. దీన్నే కాంకార్డెన్స్ వెతుకులాట అంటారు. అనువాద సాఫ్ట్‌వేర్ OmegaTలో Ctrl+F నొక్కి మూలంలో వెతకమంటే చాలు. నాకు 143 వాక్యాలు వచ్చాయి.

అన్నీ చదవొచ్చు, కాదనను. ఇలాంటి పదాలు పాతిక ఉంటే మాత్రం కళ్లు పోతాయి. అందుకని సరిగా ఉన్నవాటిని పక్కకు తోసి, లేనివాటినే చూపించమన్నాను. మూలంలో lateral ఉండి, తెలుగులో ‘లేటరల్’ లేని వాక్యాలన్నమాట. మూలం ఒక నిలువు వరసలో, అనువాదం ఇంకో నిలువు వరసలో ఉండే ట్యాబ్ ఫైలు చేసుకుంటే పని చిన్నదే. 143లో 61 తేలాయి. గుండె ఆగినంత పనైంది. చూస్తే వాటిలో 27 శుభ్రంగా ఉన్నాయి: ‘లేటరళ్లను’, ‘లేటరళ్లకు’. హోటల్ హోటళ్లయినట్టు లేటరల్ లేటరళ్లయింది, పొల్లు ల్ పోయి ళ్ వచ్చింది. పదకోశం చెక్‌లో తలనొప్పి అన్నది ఇదే. పదకోశంలో ‘భూసారం’ అని ఉంటే, పుస్తకంలో ‘భూసారాన్ని’, ‘భూసారానికి’ అని ఉన్న ప్రతిచోటా తప్పు తప్పు అని అరుస్తుంది. సున్న ఎగిరిపోయింది కదా మరి. వంద దొంగ కేకలు విన్నాక నూటొకటోది నిజమైనా మనం పట్టించుకోం. ఇంగ్లీషు కోసం చేసిన చెక్కులు ఇవి, మన విభక్తులు వాటికేం తెలుసు.

సరే, మాట మొదలు మాత్రం పట్టుకుందామని ‘లేటర’ అని పెట్టాను. 30కి తగ్గింది. లెక్క పొసగలేదు, 61లో 27 పోతే 34 ఉండాలి. మిగతా నాలుగు ఎక్కడ దాక్కున్నాయంటే, ‘ప్రెజర్ రెగ్యులేటర్’ వెనకాల. రెగ్యులేటర్‌లో ‘లేటర’ ఉంది! ఆ వాక్యాల్లో రెగ్యులేటర్ కనిపించగానే అంతా సరిగా ఉందని వదిలేసింది. దొంగ కేకల కంటే ఇదే ప్రమాదం, ఎందుకంటే ఇది చప్పుడు చేయదు. చివరికి ‘లేటర’ తర్వాత ల గానీ ళ గానీ ఉండాలని పెడితే 34 వచ్చాయి. నేను నడిపిన పైథాన్ ముక్క ఇదీ:

```python
import re, unicodedata
src_pat = re.compile(r"\blaterals?\b", re.I)
tgt_pat = re.compile(r"లేటర[లళ]")
for n, line in enumerate(open("book.tsv", encoding="utf-8"), 1):
    src, tgt = line.rstrip("\n").split("\t")[:2]
    tgt = unicodedata.normalize("NFC", tgt).replace("\u200c", "")
    if src_pat.search(src) and not tgt_pat.search(tgt):
        print(n, src, tgt, sep="\n")
```

ఇందులో `\u200c` తీసేసే ముక్కను మాత్రం వదలొద్దు. ‘సబ్‌మెయిన్’ అని బ, మ విడిగా కనబడాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం కొట్టాలి. నేను కొడతాను. మధ్య భాగం చేసినాయన ఫోనులో టైపు చేస్తాడు, ఆయన కొట్టడు, ‘సబ్మెయిన్’ అని వత్తు పడుతుంది. చదివే మనిషికి రెండూ ఒకటే, వెతుకులాటకు రెండు వేర్వేరు మాటలు. నేను సబ్‌మెయిన్ కోసం వెతికినప్పుడల్లా ఆయన భాగం మొత్తం కనబడకుండా పోయింది, నెల తర్వాత గానీ నాకు తెలియలేదు. ఆ అక్షరాన్ని తీసేసి పోల్చేటప్పుడు మీరు వెతికే మాటలోనూ అది లేకుండా చూసుకోండి.

ఆ 34 చదవడానికి పావుగంట పట్టింది. 14 చోట్ల పక్క పైపు, 6 చోట్ల పార్శ్వ గొట్టం. ఇంకో 9 చోట్ల అసలు పైపే కాదు, నేలలో నీరు పక్కలకు పాకడం గురించి. అక్కడ ‘పక్కలకు’ అన్నదే సరైన మాట. అక్కడ కూడా లేటరల్ అని పెట్టి ఉంటే చిన్నాయన ఇంకో ఫోను చేసేవాడు. మిగిలిన అయిదింట్లో నాలుగు చోట్ల ‘ఆ పైపులు’ అనో ‘అవి’ అనో రాశాను. తెలుగులో అట్లే రాస్తాం, వాటిని ముట్టుకోలేదు.

అయిదోది చూసి కుర్చీలోంచి లేచాను. డ్రిప్పు లైన్లు కడిగే అధ్యాయం. ముందు మెయిన్, తర్వాత సబ్‌మెయిన్, ఆఖరున లేటరళ్లు, ఆ వరసలోనే చివరి మూతలు విప్పి మురికి వదలాలి. నేను మూడో మెట్టులోనూ ‘సబ్‌మెయిన్ మూతలు విప్పండి’ అని రాశాను. పై వాక్యంలోని మాట చెయ్యికి అంటుకుని వచ్చేసింది. చదివిన రైతు సబ్‌మెయిన్‌ను రెండుసార్లు కడిగి, మురికంతా సన్న పైపుల్లోనే వదిలేస్తాడు. డ్రిప్పర్లు మూసుకుపోయేది అక్కడే. ఇది మాటల పొంతన గొడవ కాదు, పచ్చి తప్పు. పొంతన కోసం వెతుకుతుంటే దొరికింది. చిన్నాయనకూ ఇది దొరకలేదు. ఆ అధ్యాయం ఆయన చదవనే లేదు, “కడిగేది నాకు చెప్తావేమ్రా” అన్నాడు.

ఒక లోటు చెప్పాలి. ఒకే వాక్యంలో lateral రెండుసార్లు ఉండి, ఒకటి సరిగా, ఒకటి తప్పుగా రాసి ఉంటే ఈ పద్ధతి దాటేస్తుంది. ఒక్కటి కనబడితే చాలు, సరే అంటుంది. రెండు వైపులా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి పోల్చమనవచ్చు, కాకపోతే మనం రెండోసారి ‘అది’ అని రాసిన ప్రతి వాక్యమూ వచ్చి కూర్చుంటుంది. నేను ముఖ్యమైన నాలుగైదు పదాలకే అలా చేశాను.

తిరగేసి కూడా ఒకసారి చూడండి. తెలుగులో ఒకే మాట, ఇంగ్లీషులో రెండు. నేను field capacity, water holding capacity రెండింటికీ ‘నీటి నిలుపుదల సామర్థ్యం’ అని రాసి కూర్చున్నాను. మొదటిది బాగా తడిసిన నేలలోంచి అదనపు నీరు కిందికి దిగిపోయాక మిగిలిన తేమ. రెండోది నేల మొత్తం ఎంత నీటిని పట్టి ఉంచగలదన్న మాట. నీళ్లు ఎప్పుడు ఆపాలో చెప్పే లెక్క మొదటిదాని మీదే నడుస్తుంది. ‘నిలుపుదల’ అని తెలుగు వైపు వెతికి, ఎదురుగా ఉన్న ఇంగ్లీషు వరసను కిందిదాకా చూస్తే రెండు మాటలు తగిలాయి. మధ్య భాగం చేసినాయన మాత్రం రెండింటికీ వేర్వేరు మాటలు రాశాడు, అది ఒప్పుకోవాలి.

ఇంకో సంగతి, ఈ వెతుకులాటంతా అనువాద మెమరీ ఫైలు మీద చేసి ఆగిపోకండి. దిద్దినవన్నీ పంపాక డీటీపీ నుంచి పీడీఎఫ్ వచ్చింది. విషయసూచికలో పన్నెండో అధ్యాయం పేరు ‘పార్శ్వ గొట్టాల నిర్వహణ’ అనే ఉంది. సూచికను వాళ్లు పాత ప్రూఫు చూసి చేత్తో టైపు చేశారట, అదీ యూనికోడ్ కాని పాత ఫాంటులో. అందులో మీరు ఏం వెతికినా దొరకదు. ఆ రెండు పేజీలూ వేలు పెట్టి చదివాను.