పదిహేనేళ్ల కోబాల్ తర్వాత జావా ఇంటర్వ్యూలో ఏం చూపించాలి?

ప్రశ్న: పదిహేనేళ్లుగా మెయిన్‌ఫ్రేమ్ మీద కోబాల్, జేసీఎల్ పనే చేస్తున్నాను. రాత్రిపూట నడిచే వడ్డీ లెక్కల బ్యాచ్ జాబులన్నీ నా చేతిలోనే ఉంటాయి. బయటికి రావాలని ఈ ఏడాది జావా, పైథాన్, క్లౌడ్ కలిపి ఆరు ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చేశాను. మూడు ఇంటర్వ్యూలకు వెళ్లాను. మూడు చోట్లా "కొత్తగా నేర్చుకున్నదానితో ఏం చేశారు?" అని అడిగారు. కోర్సుల పేర్లు చెప్పాక మాట ముందుకు సాగలేదు. ఇంకా ఏం నేర్చుకోవాలి?

జవాబు: ఏడో కోర్సులో మాత్రం చేరకండి. పైథాన్, క్లౌడ్ కూడా కొన్నాళ్లు పక్కన పెట్టండి. జావాలో స్ప్రింగ్ బ్యాచ్ ఒక్కటి పట్టుకోండి. ఇది ఎందుకంటే, మీరు పదిహేనేళ్లుగా చేస్తున్న పనే అది, వేరే వేషంలో. ఫైలు చదవడం, ఒక్కో రికార్డుకూ లెక్క వేయడం, రాయడం, మధ్యలో ఆగితే ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టడం. పని ఎలా ఉండాలో మీకు ముందే తెలుసు కాబట్టి కొత్త పనిముట్టు ఎక్కడ భిన్నంగా ప్రవర్తిస్తోందో మీకు వెంటనే కనిపిస్తుంది. కాలేజీ నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు అది కనిపించదు.

ఇంటర్వ్యూ చేసేవాళ్ల అనుమానం మీ తెలివి మీద కాదు. నేనూ కొన్నేళ్లు అలాంటి ప్యానెళ్లలో కూర్చున్నాను. పదిహేనేళ్ల అనుభవం ఉన్న మనిషి ఎదురుగా ఉంటే మాకుండే సందేహం ఒక్కటే: పాత అలవాటు కొత్త చోట పనిచేయనప్పుడు ఈయన ఆ సంగతి గమనిస్తారా, గమనించి సర్దుకుంటారా? దీనికి సర్టిఫికెట్ సమాధానం చెప్పదు. కోర్సులో లెక్కలన్నీ సరిగ్గా వచ్చేలా ముందే అమర్చి ఉంటాయి. మీ దగ్గర ఉండాల్సింది తేడా వచ్చిన లెక్క, ఆ తేడా ఎందుకొచ్చిందో మీరు పట్టుకున్న తీరు.

కాబట్టి ఒక చిన్న వడ్డీ జాబును రెండుసార్లు రాయండి, ఒకసారి కోబాల్‌లో, ఒకసారి స్ప్రింగ్ బ్యాచ్‌లో. ఆఫీసు కోడ్ ఒక్క లైను కూడా, ఆఫీసు డేటా ఒక్క రికార్డు కూడా ఇందులోకి రాకూడదు. అవి మీవి కావు, పైగా వాటిని చూపించిన అభ్యర్థిని ఏ ప్యానెలూ నమ్మదు. వెయ్యి ఖాతాల ఉత్తుత్తి టెక్స్ట్ ఫైలు మీరే తయారు చేసుకోండి. గ్నూకోబాల్ అనే ఉచిత కంపైలర్ మామూలు ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది, మెయిన్‌ఫ్రేమ్ అక్కర్లేదు. రెండు ప్రోగ్రాములకూ అదే ఫైలు ఇచ్చి, వచ్చిన వడ్డీలను ఖాతాకు ఖాతా పోల్చండి.

మొదటి తేడా ఇక్కడే వస్తుంది. కోబాల్‌లో మీరు అలవాటుగా ఇలా రాస్తారు:

```cobol
COMPUTE WS-INT = WS-BAL * WS-RATE / 36500
```

`WS-INT`కి దశాంశం తర్వాత రెండు స్థానాలే ఉన్నాయనుకుందాం. నిల్వ 12375.00, రేటు 7.25 అయితే ఒక రోజు వడ్డీ 2.458 పైచిలుకు. `ROUNDED` అని రాయలేదు కాబట్టి కోబాల్ మిగతా అంకెలు కోసేసి 2.45 ఉంచుతుంది. ఇన్నేళ్లలో దీని గురించి మీరు రెండుసార్లు ఆలోచించి ఉండరు. జావాలో `BigDecimal`తో అలాగే భాగిస్తే ప్రోగ్రామ్ `ArithmeticException` ఇచ్చి ఆగిపోతుంది. భాగహారం ఎక్కడా తెగడం లేదు, ఎన్ని స్థానాలు ఉంచాలో, మిగతాది ఏం చేయాలో నువ్వే చెప్పు అంటుంది. వెతికితే ఎక్కువ ఉదాహరణల్లో `HALF_UP` కనిపిస్తుంది. అది పెడితే ఎర్రర్ పోతుంది, కానీ వడ్డీ 2.46 అవుతుంది.

ఒక ఖాతాకు 0.01 తేడా. వెయ్యి ఖాతాల్లో దాదాపు సగానికి ఇలాగే పైకి జరుగుతుంది కాబట్టి మొత్తంలో 5.00 దరిదాపుల్లో తేడా తేలుతుంది. మీ కంట్రోల్ టోటల్ సరిపోదు. కారణం తెలిశాక సవరణ ఒక్క మాటే:

```java
BigDecimal interest = balance.multiply(rate)
    .divide(new BigDecimal("36500"), 2, RoundingMode.DOWN);
```

`DOWN`కి బదులు `FLOOR` పెట్టినా ధన సంఖ్యలకు సరిగ్గానే కనిపిస్తుంది. ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉన్న ఖాతా వస్తే తప్పుతుంది, ఎందుకంటే `FLOOR` రుణ సంఖ్యను ఇంకా కిందికి నెడుతుంది, కోబాల్ మాత్రం సున్నా వైపే కోస్తుంది. అందుకే మీ ఉత్తుత్తి ఫైలులో పదో పాతికో రుణ నిల్వలు తప్పకుండా పెట్టండి. ఈ రెండు సందర్భాలకూ యూనిట్ టెస్టులు రాసి ఉంచండి. ఆ టెస్టులు చూసిన ఇంజినీరు మిమ్మల్ని "జావా వచ్చా?" అని అడగడు, నేరుగా పని గురించి మాట్లాడతాడు.

రెండో తేడా రీస్టార్ట్. నా దృష్టిలో మీ ప్రాజెక్టులో అసలు సరుకు ఇదే. జేసీఎల్‌లో `RESTART=` పెట్టి ఆగిన స్టెప్పు నుంచి నడపడం మీకు వెన్నతో పెట్టిన విద్య. స్ప్రింగ్ బ్యాచ్‌లో స్టెప్పు లోపల కూడా ఆ గుర్తు ఉంటుంది. చంక్ సైజు 100 పెట్టండి, అంటే వంద రికార్డులకు ఒకసారి కమిట్. ఫైలులో 450వ రికార్డులో నిల్వ ఉండాల్సిన చోట అక్షరాలు పెట్టండి, మీ భాషలో చెప్పాలంటే `S0C7` తెప్పించే రికార్డు. జాబ్ అక్కడ ఫెయిలవుతుంది. ఫలితాలు రాసే టేబుల్లో వరసలు లెక్కపెడితే 400 ఉంటాయి, ఐదో వంద మొత్తం వెనక్కి పోయింది. ఆ రికార్డు సరిదిద్ది అదే కమాండ్ మళ్లీ ఇవ్వండి:

```
java -jar interest.jar runDate=2024-03-31
```

401 నుంచి మొదలై వెయ్యికి చేరాలి. ఇది ఒక పట్టాన కుదరకపోవచ్చు, రెండు కారణాలున్నాయి. మొదటిది, నేర్చుకునేవాళ్లు ఎక్కువగా వాడే మెమరీలో నడిచే డేటాబేస్. ప్రోగ్రామ్ ఆగగానే ఎంతవరకు వచ్చిందనే లెక్క కూడా చెరిగిపోతుంది. పోస్ట్‌గ్రెస్ లాంటి నిలిచి ఉండే డేటాబేస్ పెట్టుకుంటే ఇది తీరుతుంది. రెండోది ఇంకా ప్రమాదం. చాలా పాఠాల్లో జాబ్ పారామితుల్లో ఆ క్షణపు టైమ్ కలిపేస్తారు, ప్రతిసారీ హాయిగా నడవాలని. పారామితి మారితే స్ప్రింగ్ బ్యాచ్ దాన్ని కొత్త జాబుగా లెక్కేసి ఒకటో రికార్డు నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. టేబుల్లో కీ లేకపోతే వరసలు 1400 అవుతాయి. నిజం ఖాతాలైతే నాలుగు వందల మందికి రెండుసార్లు వడ్డీ పడినట్టే. ఇది కావాలని ఒకసారి చేసి చూడండి, ఆ 1400 సంఖ్యను నోట్సులో రాసుకోండి. రాత్రి రెండు గంటలకు ఫోనొస్తే లేచి జాబులు నడిపిన మనిషికే ఆ సంఖ్య చూడగానే గుండె జారుతుంది. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది ఆ గుండె జారడం గురించే.

వెర్షన్ల గురించి ఒక మాట. స్ప్రింగ్ బూట్ 3కి జావా 17 గానీ ఆ పైది గానీ కావాలి. దానితో వచ్చే స్ప్రింగ్ బ్యాచ్ 5లో రాసే పద్ధతి మారింది. `JobBuilderFactory` అని కనిపిస్తే అది పాత పాఠమని గుర్తు. పాత పాఠం చూసి `@EnableBatchProcessing` పెడితే బూట్ తనంతట తాను చేసే అమరిక ఆగిపోతుంది, జాబ్ ఎందుకు మొదలవడం లేదో తెలియక ఒక సాయంత్రం పోతుంది. అలా పోయినప్పుడు చిరాకు పడి ఇంకో వీడియో వెతక్కండి, అధికారిక మైగ్రేషన్ గైడ్ తెరిచి చదవండి. చదివి ఏం మార్చారో గిట్ కమిట్ సందేశంలో ఒక వాక్యం రాయండి. నెలల తరబడి అలాంటి చిన్న చిన్న కమిట్లు ఉన్న రిపాజిటరీకి, ఒకే రోజు మొత్తం ఎక్కించిన రిపాజిటరీకి తేడా ఎవరికైనా తెలిసిపోతుంది.

ఈ ప్రయోగానికి ఒక హద్దు ఉంది, అది మీరే ముందు చెప్పాలి. ల్యాప్‌టాప్ మీద అంతా ఆస్కీయే, కాబట్టి ఎబ్‌సిడిక్ సమస్యలు తగలవు. మెయిన్‌ఫ్రేమ్‌లో సార్ట్ చేస్తే అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. ఇక్కడ అంకెలే ముందు. ఖాతా నంబర్లలో అక్షరాలు కలిసి ఉంటే రెండు ఫైళ్లను జతచేసే ప్రోగ్రామ్ చప్పుడు చేయకుండా తప్పుతుంది. అలాగే ఫైలు మొత్తాన్ని ఒక్క దెబ్బకు ఆస్కీలోకి మారిస్తే `COMP-3` ఫీల్డులు పాడైపోతాయి, ఎందుకంటే అవి అక్షరాలు కావు. దీనికి కోడ్ రాయక్కర్లేదు. "నా ప్రాజెక్టులో ఇది రాలేదు, నిజమైన మైగ్రేషన్‌లో మొదట చూసేది ఇదే" అంటే చాలు.

రోజుకు గంటన్నర చొప్పున పెడితే ఇదంతా పది వారాల పని అని నా అంచనా. జావా సింటాక్సు కోర్సుల్లో అయిపోయింది కాబట్టి సున్నా నుంచి కాదు.

రెజ్యూమెలో కోబాల్‌ను కింద దాచకండి. పదిహేనేళ్లను రెండు లైన్లకు కుదించి జావాను పైన పెద్ద అక్షరాల్లో పెట్టిన రెజ్యూమెలు చాలా చూశాను, మొదటి ప్రశ్నకే అవి విప్పుకుపోతాయి. ప్రాజెక్టు గురించి ఒక్క వాక్యం పెట్టండి: "కోబాల్ వడ్డీ జాబును స్ప్రింగ్ బ్యాచ్ 5లో తిరగరాసి, వెయ్యి రికార్డులకు దశాంశం రెండో స్థానం వరకు సరిపోల్చి, రీస్టార్ట్ పరీక్షించాను." కింద రిపాజిటరీ లింకు. మొదట వెతకాల్సింది పాత వ్యవస్థలను జావాలోకి మార్చే ప్రాజెక్టులు. అక్కడ కోబాల్ చదవగలిగి, జావా రాయగలిగిన మనిషి అవసరం నిజంగా ఉంటుంది. మామూలు వెబ్ అప్లికేషన్ల ఉద్యోగాలకు వెళితే అయిదేళ్ల జావా అనుభవం ఉన్నవాళ్లతో పోటీ, హోదా ఒక మెట్టు దిగాల్సి రావచ్చు.

ఇక "కొత్తగా నేర్చుకున్నదానితో ఏం చేశారు?" అని నాలుగోసారి అడిగినప్పుడు, 5.00 తేడాతో మొదలుపెట్టండి. మొత్తం ఎందుకు సరిపోలేదో, మొదట ఏది కారణమనుకుని పొరబడ్డారో, చివరికి ఏ ఖాతా చూసి పట్టుకున్నారో చెప్పండి. తర్వాత 1400 సంగతి. "టీములో జావా కోడ్ రాశారా?" అని తప్పకుండా అడుగుతారు. "లేదు, ఇంతవరకు ఒంటరిగానే రాశాను, నా కోడ్‌ను వేరేవాళ్లు రివ్యూ చేయలేదు" అని ఉన్నదున్నట్టు చెప్పి, ల్యాప్‌టాప్ వాళ్ల వైపు తిప్పి, అక్కడే చూసి తప్పులు చెప్పమనండి.