డౌన్ సిండ్రోమ్ ఉన్న తమ్ముడు ఏడాదిలో బాగా మందగించాడు, ఏ పరీక్షలు చేయించాలి?

ప్రశ్న: మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్, 21 ఏళ్లు. స్కూల్ అయిపోయిన ఏడాదిలో మాట తగ్గింది, పగలంతా నిద్రే. తనంతట తాను చేసుకునే పనులు కూడా ఇప్పుడు గుర్తుచేయాల్సి వస్తోంది. ఈ సిండ్రోమ్‌లో ఇది మామూలే అన్నారు డాక్టర్. మతిమరుపు జబ్బేమోనని అమ్మకి ఒకటే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

ఇది మామూలే అనుకుని వదిలేయకండి. 21వ క్రోమోజోమ్ అదనంగా ఉండటం మీ తమ్ముడికి పుట్టుకతో వచ్చింది. నిరుడు చేసిన పని ఈ ఏడు చేయలేకపోతున్నాడంటే వేరే కారణం వెతకాలి. అమ్మగారి భయానికి ఆధారం లేకపోలేదు. అల్జీమర్స్‌కు సంబంధించిన అమిలాయిడ్ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు ఆ క్రోమోజోమ్ మీదే ఉంది కాబట్టి వీళ్లకు ఆ జబ్బు ముందుగా వస్తుంది. కానీ లక్షణాలు సాధారణంగా 40 దాటాక, ఎక్కువగా 50ల్లో కనిపిస్తాయి. 21 ఏళ్లకు అది చాలా అరుదు.

మా చెల్లికీ డౌన్ సిండ్రోమే, 23 ఏళ్లప్పుడు తనకు సరిగ్గా ఇలాగే జరిగింది. అప్పటికి తను ఒక ఆఫీసులో కాగితాలు సర్దే పని చేసేది. మెల్లగా పని సగంలో ఆపి కూర్చోవడం, పిలిస్తే పలక్కపోవడం మొదలైంది. మొండితనం పెరిగిందని అక్కడివాళ్లు అనుకున్నారు.

ముందు రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. డౌన్ సిండ్రోమ్‌లో ఇది చాలామందికి వస్తుంది, ఏ వయసులోనైనా రావచ్చు. అందుకే ఏటా టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాలి. నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం, మందగించడం దాని లక్షణాలు. వీటిని సిండ్రోమ్ ఖాతాలో వేసేయడం చాలా తేలిక, అసలు చిక్కంతా అక్కడే. మందు పరగడుపున మొదలుపెట్టి, 6 నుంచి 8 వారాలకు మళ్లీ పరీక్ష చేయించి మోతాదు సరిచేశారు. చెల్లి కొంత తేరుకుంది కానీ పగటి నిద్ర పోలేదు.

అప్పుడు డాక్టర్ రాత్రి ఎలా పడుకుంటుందో వీడియో తీసుకురమ్మన్నారు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్లీ అందుకుంటోంది. కొన్నిసార్లు కూర్చుని, కాళ్ల మీదికి ముందుకు వాలి నిద్రపోతోంది. గొంతు దగ్గర దారి ఇరుకు, కండరాలు వదులు, నాలుకకు చోటు చాలదు. అందుకే వీళ్లలో స్లీప్ ఆప్నియా చాలా ఎక్కువ. రాత్రంతా చేసే నిద్ర పరీక్షలో అది ఖాయమైంది. దానికి చికిత్సగా నిద్రలో గాలి అందించే మెషిన్ ఇచ్చారు, దాని మాస్క్ చూస్తేనే చెల్లి భయపడింది. ముందు చేత్తో పట్టుకోవడం, తర్వాత టీవీ చూస్తూ ముఖానికి ఆనించుకోవడం, ఆపైన మెలకువగా ఉన్నప్పుడే గాలితో పెట్టుకోవడం, చివరికి నిద్రలో, ఇలా ఒక్కో మెట్టుకీ ఫొటో అంటించి అలవాటు చేశాం. ఓపిక పట్టాల్సిన పని, కానీ ఎక్కువ మేలు జరిగింది దీంతోనే.

మూడోది చెవి. వీళ్లకు చెవి దారి సన్నగా ఉండి గులిమి గట్టిపడుతుంది, మధ్యచెవిలో నీరు చేరుతుంది. గులిమి తీయించి, వినికిడి పరీక్ష చేయించండి. చూపు కూడా చూపించండి, శుక్లాలు చిన్న వయసులోనే రావచ్చు.

ఇవన్నీ సరిచేశాక కూడా చెల్లిలో పాత ఉత్సాహం పూర్తిగా రాలేదు. స్కూల్లో రోజూ కలిసే స్నేహితురాళ్లు ఒక్కసారిగా దూరమయ్యారు. ఫోన్ చేసి తానే ఏర్పాటు చేసుకోవడం తనకు రాదు, ఎవరూ అది గమనించలేదు. మీ తమ్ముడిదీ స్కూల్ అయ్యాకే మొదలైంది కాబట్టి ఇది గట్టిగా ఆలోచించండి. వారంలో ఒకే రోజు, ఒకే సమయానికి పాత స్నేహితుడితో ఏదైనా కలిసి చేసే పని పెట్టండి. దిగులు జబ్బు కూడా వీళ్లలో మాటల్లో కాకుండా మాట తగ్గడంగా బయటపడుతుంది, దానికి చికిత్స ఉంది. తనలో తాను మాట్లాడుకోవడం మాత్రం చాలామందికి ఉండే అలవాటే, దాన్ని చూసి మానసిక వ్యాధి అనుకోనక్కర్లేదు.

పని దగ్గర నోటితో వరసగా మూడు పనులు చెబితే మొదటిది జారిపోతుంది. విన్నదానికంటే చూసింది వీళ్లకు బాగా గుర్తుంటుంది. చెల్లి బల్ల దగ్గర పని వరసను బొమ్మల్లో పెట్టించాక పక్కవాళ్లు గుర్తుచేయడం చాలా తగ్గింది.

డాక్టర్ దగ్గరికి రాత్రి నిద్ర వీడియో, ఏడాది క్రితం తనే చేసుకున్న పనుల జాబితా తీసుకెళ్లండి. మాట, కదలిక కొద్ది వారాల్లోనే దాదాపు ఆగిపోతే, వచ్చిన పనులు వేగంగా పోయే రిగ్రెషన్ డిజార్డర్ అయ్యుండొచ్చు, న్యూరాలజిస్ట్‌కు త్వరగా చూపించాలి. నడక మారినా, మెడ నొప్పి వచ్చినా, మూత్రం మీద అదుపు పోయినా ఆ రోజే వెళ్లండి, మెడ ఎముకలు జారి వెన్నుపామును నొక్కుతుండవచ్చు.