ఓనర్ మధ్యలో పని పెంచితే వాట్సాప్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: ఇల్లు కట్టే కాంట్రాక్టర్‌ని. ఓనర్ మధ్యలో పనులు పెంచుతాడు, డబ్బు అడిగితే ముఖం మాడ్చుకుంటాడు. రాతలో ఎలా పెట్టాలి?

డబ్బు సంగతి అందరూ ఎలాగోలా రాస్తారు, రోజులు మాత్రం రాయరు. నేను చూసిన గొడవల్లో ఎక్కువ అక్కడే పుట్టాయి.

మా సైట్‌లో ఒక పెద్దాయన, పై అంతస్తు స్లాబ్ పడి గోడలు లేచాక, వెనక బెడ్‌రూమ్‌లో అటాచ్డ్ బాత్రూమ్ కావాలన్నారు. ‘ఎంతవుతుందో తర్వాత చూసుకుందాంలే’ అన్నారు. డబ్బు పంపేది అమెరికాలో ఉన్న కొడుకు. అందుకే ఆ రాత్రే ఇద్దరూ ఉన్న గ్రూపులో ఇలా పెట్టాను:

“సార్, ఈరోజు మీరు చెప్పిన మార్పు: పైన వెనక గదిలో 5×8 అడుగుల బాత్రూమ్. గోడలు, ప్లాస్టరింగ్, పైపులు, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్ కూలి కలిపి 1,38,000. ఆ మూలన వేయాల్సిన కడప బండల అరలు ఇక ఉండవు కాబట్టి 9,000 తగ్గుతుంది. నికరంగా పెరిగేది 1,29,000. సగం ముందు ఇవ్వాలి. టైల్స్, కమోడ్, ట్యాపులు మీరు కొనాలి. స్లాబ్ అక్కడ కిందికి దించి పోయలేదు కనుక బాత్రూమ్ నేల గది కంటే ఎత్తుగా వస్తుంది. ఇల్లు అప్పగించేది ఆగస్టు 10 బదులు 22. బుధవారంలోగా ఓకే అని రాస్తేనే మొదలుపెడతాం, లేకపోతే పాత ప్లానే.”

పన్నెండు రోజులెందుకని కొడుకు అడిగాడు. గోడ కట్టి పూత పూశాక తడపాలి. వాటర్‌ప్రూఫింగ్ ఆరాక రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింది సీలింగ్‌లో చెమ్మ కనిపిస్తుందేమో చూడాలి. ఆ తర్వాతే టైల్స్. ఈలోగా టైల్స్ మేస్త్రి ఇంకో సైట్‌కి వెళ్లిపోతే మళ్లీ అతని ఖాళీ కోసం ఆగాలి. ఇదంతా రాశాను. గృహప్రవేశం ముహూర్తం ఆగస్టు 18. అది చూసి వాళ్లే ‘గోడలు, పైపులు ఇప్పుడు చేయండి, మిగతాది ముహూర్తం అయ్యాక’ అన్నారు. దానికి ఖర్చు, తేదీ మార్చి ఇంకో మెసేజ్ పెట్టాను, కొడుకు ‘ఓకే’ అని రాశాడు.

బొటనవేలు బొమ్మ పెడితే నేను ఒప్పుకోను. చూశానంటున్నారా, సరేనంటున్నారా తెలియదు. వాయిస్ మెసేజ్‌లు మరీ విసుగు, మూడు నెలల తర్వాత వాటిని వెతికేదెవరు? తగ్గే పని కూడా తప్పకుండా చూపించండి, అది చూశాకే ఓనర్ మిగతా లెక్క నమ్ముతాడు.

రాత లేకుండా పని చేసేసినా దారి పూర్తిగా మూసుకుపోదు. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పని ఫలితాన్ని అవతలివాడు అనుభవిస్తే పరిహారం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. కానీ బాత్రూమ్ డబ్బు కోసం కోర్టు మెట్లెక్కి ఏళ్లు తిరిగే ఓపిక మనకెక్కడిది?

ఇంకొకటి, ఓనర్లు నేరుగా మేస్త్రికే పని చెప్పేస్తారు. నా ఫోన్ రాకుండా కొత్త గోడకి ఇటుక పెట్టొద్దని మా మేస్త్రికి గట్టిగా చెప్పి ఉంచాను. మీరూ ఈరోజే చెప్పండి.